ఓడ సరుకు, ఉమ్మడి పెట్టుబడి – 4వ పాఠం: వాటా అమ్ముకుని బయటపడటం

గత పాఠంలో ఓడ మునిగితే రద్దయ్యే అప్పు గురించి చూశాం. ఈసారి ముందు చిన్న లెక్క.

మీ దగ్గర 3,000 గిల్డర్లు ఉన్నాయి. తూర్పుకు వెళ్లే ఓడ తిరిగిరాకుండా పోయే అవకాశం అయిదింట ఒకటి అనుకుందాం. డబ్బంతా ఒకే ఓడలో పెడితే, సర్వం పోయే అవకాశం కూడా అంతే. అయిదు ఓడల్లో 600 చొప్పున పెడితే అన్నీ పోయే అవకాశం 3,125లో ఒకటి. సగటు నష్టం మాత్రం రెండు చోట్లా 600 గిల్డర్లే. పంచుకుంటే నష్టం తగ్గదు, ఒక్క దెబ్బకు కుదేలయ్యే భయం తగ్గుతుంది. అదీ ఓడలు దేనికది ప్రమాదంలో పడితేనే! ఒకే దండుగా వెళ్లి ఒకే తుఫానులో చిక్కుకుంటే అయిదూ కలిసి ఒక ఓడ కిందే లెక్క.

మొదట్లో డచ్చి వర్తకులు ఒక్కో యాత్రకు విడిగా డబ్బు పోగుచేసి, ఓడలు తిరిగొచ్చాక లెక్క తేల్చి పంచుకునేవారు. ఇది మచిలీపట్నంలాంటి రేవులో నడవదు. అక్కడ 1606 నాటికి వారికి స్థావరం ఉంది. మసాలాల దీవుల్లో చెల్లుబాటయ్యేది కోరమాండల్ నూలు బట్ట. నేతగాడికి ముందే బయానా ఇవ్వకపోతే, ఓడ వచ్చేసరికి బట్ట సిద్ధంగా ఉండదు. యాత్ర ముగియగానే పంచేయాల్సిన డబ్బుతో వచ్చే ఏటి సరుకుకు బయానా ఎలా ఇస్తారు?

అందుకే 1602లో పుట్టిన డచ్చి ఈస్టిండియా కంపెనీ డబ్బును ఏళ్ల తరబడి తన దగ్గరే ఉంచుకుంది. పదేళ్లకు లెక్క చెప్పి, కోరినవారికి తిరిగిస్తామన్న మాట 1612లో నిలబెట్టుకోలేదు. మరి డబ్బు అవసరపడినవాడి గతి? వాటా అమ్ముకోవడమే.

చేతికి వాటా పత్రం ఇవ్వరు, పుస్తకంలో పద్దే ఆస్తి. ఆమ్‌స్టర్‌డామ్‌లో దిర్క్ వాన్ ఓస్ ఇంట్లో జరిగిన నమోదులో, ఆ ఇంటి పనిమనిషి నీల్ట్‌హెన్ కోర్నెలిస్ 100 గిల్డర్లు రాయించింది. ఆమె వాటాకూ రుజువు ఆ పద్దే. అమ్మేవాడు, కొనేవాడు కంపెనీ లెక్కల గుమాస్తా దగ్గరికి వెళ్లాలి. ఇద్దరు డైరెక్టర్లు ఆమోదించాక ఒకరి ఖాతాలో తీసి మరొకరి ఖాతాలో వేస్తారు. బయట ఎంత గట్టిగా మాట ఇచ్చుకున్నా, పద్దు మారేదాకా వాటా పాతవాడిదే. చేతిలో లేని వాటాలు అమ్మడం ఈ సందులోంచే వచ్చింది. 1610లో దాన్ని నిషేధించారు.

అభ్యాసం: ఒకరు 3,000 రాయించి, నాలుగు సమాన వాయిదాల్లో ఒకటి కట్టారు. 2,400 వాటా అమ్మేశారు. ఇంకా కట్టాల్సింది ఎవరెంత?

జవాబు: బాకీ వాటా వెంటే పోతుంది. కొన్నవారు 1,800, అమ్మినవారు తనకు మిగిలిన 600 మీద 450.