స్టీక్ స్వెట్టర్ – ఐదో పాఠం: కత్తెర పెట్టే ముందు ఏ కుట్టు?

నాలుగో పాఠం అయ్యేసరికి మెరూన్, క్రీమ్ రంగుల పిల్లల స్వెట్టర్ గొట్టంలా మీ చేతికొచ్చింది. ముందు భాగం మధ్యలో 7 లూపులు అదనంగా వేసి, వాటిలో రంగులు ఒకటి విడిచి ఒకటి అల్లాం. ఆ పట్టీయే స్టీక్, గొట్టం ముందు భాగాన్ని తెరవడానికి నిలువుగా కోసే చోటు. ఎడమ నుంచి 1 నుంచి 7 దాకా లెక్కపెట్టుకోండి. మనం కోసేది 4వ లూపు నడుమ.

కోస్తే అంతా ఊడిపోతుందన్న భయం సగమే నిజం. సూది నుంచి లూపు జారితే కిందివరకు నిచ్చెన పడుతుంది, అంటే అల్లిక ఊడేది నిలువుగా. మనం కోసేదీ నిలువుగానే కాబట్టి పైలూపు, కిందిలూపు ఒకదాన్నొకటి పట్టుకునే ఉంటాయి. ప్రమాదం ప్రతి వరుసలో తెగిన పోగు కొసలతోనే. లాగినప్పుడు అవి పక్కకు జారి బయటికొస్తాయి. ఎంత జారతాయన్నది ఊలును బట్టి ఉంటుంది.

స్టీక్ బాగా వాడుకలో ఉన్న షెట్లాండ్ దీవుల ఉన్నికి నూగు ఎక్కువ, పోగులు ఒకదానికొకటి అంటుకుంటాయి. అక్కడ ఏ కుట్టూ వేయకుండానే కోసేవాళ్లున్నారు. మన గొంగడి ఉన్ని కూడా గరుకే. కానీ వరంగల్, హన్మకొండ దుకాణాల్లో ఊలు అని అమ్మేది చాలావరకు ఆక్రిలిక్. నున్నగా ఉంటుంది, కొస ఇట్టే జారిపోతుంది. లేబుల్ పోయిందా? చిన్న పోగును పట్టుకారుతో పట్టి కాల్చండి. వెంట్రుక కాలిన వాసన వచ్చి బూడిదైతే ఉన్ని. కరిగి గట్టి పూసలా మారితే ఆక్రిలిక్.

నిజమైన, నూగున్న ఉన్నికి క్రోషే చాలు. ప్రతి లూపుకూ V ఆకారంలో రెండు కాళ్లుంటాయి కదా. 3వ లూపు కుడి కాలునూ 4వ లూపు ఎడమ కాలునూ కలిపి, వేరే రంగు సన్నని ఉన్నితో కింది నుంచి పైదాకా క్రోషే గొలుసు వేయండి. అవతలి పక్క 4వ లూపు కుడి కాలునూ 5వ లూపు ఎడమ కాలునూ అట్లనే కలపండి. రెండు గొలుసులూ చెరో పక్కకు ఒరిగి, నడుమ అడ్డ పోగులు మెట్లలా కనిపిస్తాయి. కత్తెర వాటి మీదే నడవాలి. అంచు ముద్దుగా వస్తుంది. కానీ ఇదే పని ఆక్రిలిక్ మీద చేస్తే, నాలుగు ఉతుకులకు గొలుసు మొత్తం తెగిన కొసలతో సహా అంచు నుంచి ఊడి రావచ్చు. గొలుసు కాళ్లను కలిపి పట్టుకుంటుందే తప్ప పోగును గుచ్చి బిగించదు.

అందుకే మన మెరూన్ స్వెట్టర్‌కు మిషన్ కుట్టే. జిగ్‌జాగ్ లేకపోయినా ఫర్వాలేదు, ఇంట్లో కాలుతో తొక్కే నల్ల మిషన్ చాలు. 3వ లూపు వరుస మీద రెండు, 5వ దాని మీద రెండు నేరు కుట్లు, సుమారు 2 మి.మీ. పొడవుతో, పాలిస్టర్ దారంతో వేయండి. నాలుగూ కింది నుంచి పైకే వేయండి, ఒకటి పైకి ఒకటి కిందికి వేస్తే పట్టీ మెలి తిరుగుతుంది. గొట్టం లోపలి భాగం మిషన్ కింద ఇరుక్కోకుండా పక్కకు తీసి, అల్లిక కింద పల్చటి తెల్ల కాగితం పెట్టండి. వెనక పోగులు మిషన్ పళ్లకు చిక్కవు, తర్వాత చింపేయొచ్చు. న్యూస్‌పేపర్ వద్దు, క్రీమ్ రంగుకు సిరా అంటుతుంది.

అన్నిటికన్నా ముఖ్యం, అల్లికను అదిమి పట్టే మిషన్ పాదం ఒత్తిడి. ఆ పాదం కడ్డీ పైనున్న మరను కాస్త వదులు చేసి, ముందుగా విడిగా అల్లిన చిన్న ముక్క మీద కుట్టి చూడండి. కుట్టిన చోటు అలలు అలలుగా లేస్తే ఒత్తిడి ఎక్కువైనట్టు, లేదా మీరు అల్లికను లాగుతున్నట్టు. బ్లౌజులు కుట్టే అక్కకు ఇచ్చినా, "లాగొద్దక్కా, దానంతటది పోనియ్యి" అని చెప్పి పక్కనే కూర్చోండి. కాటన్ గుడ్డలా గుంజి కుడితే అంచు మళ్లీ చదునుగా రాదు. మిషన్ లేనివాళ్లు చేత్తో సన్న బఖియా కుట్టు వేయొచ్చు, సూది మాత్రం పోగును చీల్చుకుంటూ వెళ్లాలి. పోగుల సందులోంచి వెళ్తే పట్టు ఉండదు.

ఇక కోత. గొట్టంలో అట్టముక్క దూర్చండి, లేకపోతే వెనక భాగమూ తెగుతుంది. 4వ లూపు నడుమ పగటి వెలుగులో, మొన పదునున్న చిన్న కత్తెరతో రెండు మూడు మెట్లు చొప్పున కోసుకుంటూ వెళ్లండి.

తెరిచాక అంచును వేళ్లతో పక్కకు లాగి చూడండి. కుట్టు దాటి పోగు పొడుగ్గా బయటికొస్తే ఆ వరుసలో దారం పోగును గుచ్చలేదన్నమాట. అక్కడే చేత్తో నాలుగు బఖియా కుట్లు వేస్తే ఆగుతుంది. కుట్టు 1వ లేదా 7వ లూపు దాటి బొమ్మలోకి పోయి ఉంటే, మడత పెట్టినా ముందుకు కనిపిస్తుంది. అది ఇప్పుడు విప్పకండి, పక్కనే స్టీక్‌లో కొత్త కుట్టు వరుస వేసుకున్నాకే విప్పాలి. ఆక్రిలిక్ అంచు మీద ఇస్త్రీ మాత్రం వద్దు, వేడికి పోగు చచ్చి జీవం లేకుండా వేలాడుతుంది.

గుండీల పట్టీకి లూపులు ఎత్తడం వచ్చే పాఠంలో. అంచున వేలాడే పీచులను అప్పటిదాకా కత్తిరించకండి. ఇప్పటి సూదులకన్నా ఒక సైజు చిన్నవి తెచ్చిపెట్టుకోండి.