కడుపుతో ఉన్నప్పుడు బీపీ పెరిగితే అది ఏ రకమో ఎలా తెలుసుకోవాలి? ఎప్పుడు పరిగెత్తాలి?

గాజువాకలో ఉండే మా పిన్ని కూతురికి ఎనిమిదో నెల చెకప్‌లో బీపీ 142/92 వచ్చింది. ఎండలో ఆటో దిగి వచ్చింది కదా అందుకే పెరిగుంటుందిలే అన్నారు ఇంట్లో. నేను స్టాఫ్ నర్సుని కాబట్టి ఆ సాయంత్రం నాకు ఫోన్ చేసింది, ముందు కార్డు తియ్యవే, మూడో నెలలో ఎంత రాశారో చదువు అన్నాను.

ముందు పాత నెంబర్ వెతకండి

అందరూ ఇవాళ్టి రీడింగే చూస్తారు గానీ అసలు సంగతి మొదటి మూడు నెలల రీడింగ్‌లో ఉంటది. కడుపుతో ఉన్నప్పుడు రక్తనాళాలు కాస్త వదులై బీపీ దానంతటదే తగ్గుద్ది, అయిదో నెల దగ్గర బాగా కిందకి దిగి, మళ్లీ చివరి నెలల్లో పాత చోటుకి వస్తది. అందుకని పెళ్లికి ముందు నుంచే బీపీ ఉండి ఆ సంగతి తెలియని అమ్మాయి మొదటిసారి అయిదో నెలలో చూపించుకుంటే 126/80 వచ్చి అంతా బాగున్నట్టే కనబడుద్ది, ఎనిమిదో నెలలో 144/92 వస్తే కొత్తగా వచ్చిందనుకుంటాం, నిజానికి అది పాతదే.

లెక్క ఏంటంటే, కడుపు రాకముందే గానీ, 20 వారాల్లోపు, అంటే అయిదు నెలలు నిండకముందు గానీ 140/90 లేదా అంతకంటే ఎక్కువ ఉంటే అది పాత బీపీ, డాక్టర్లు క్రానిక్ హైపర్‌టెన్షన్ అంటారు. పైదీ కిందదీ రెండూ దాటక్కర్లేదు, ఏదో ఒకటి చాలు. 20 వారాల తర్వాత కొత్తగా మొదలైతే జెస్టేషనల్ హైపర్‌టెన్షన్. దానికి యూరిన్‌లో ప్రొటీన్ గానీ, లివర్, కిడ్నీ, ప్లేట్‌లెట్స్, మెదడు వీటిలో దేనికైనా దెబ్బ గానీ తోడైతే ప్రీఎక్లాంప్సియా. పాత బీపీ ఉన్నవాళ్లకి దాని మీద ప్రీఎక్లాంప్సియా కూడా వచ్చి కూర్చోవచ్చు, అది ఇంకా తలనొప్పి వ్యవహారం.

మా చెల్లి కార్డులో తొమ్మిదో వారం 118/76, పదహారో వారం 110/70 ఉన్నాయి. సో పాతది కాదు.

పాత బీపీ ఉన్నవాళ్లకి ఒక్క మాట: మీరు వాడేది టెల్మిసార్టాన్, రామిప్రిల్, ఎనలాప్రిల్ లాంటిదైతే అవి బిడ్డ కిడ్నీలకి మంచివి కావు, కడుపు అని తెలిసిన రోజే డాక్టర్ దగ్గరికెళ్లి లాబెటలాల్, నిఫెడిపిన్, మిథైల్‌డోపా లాంటివాటికి మార్పించుకోండి. అంతేగానీ మీ అంతట మీరు ఆపేసి ఊరుకోవద్దు.

సరిగ్గా కొలవండి

బాత్రూమ్‌కి వెళ్లొచ్చి, వీపు ఆనించి, కాళ్లు నేలకి ఆనేలా అయిదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చోవాలి. అరగంట ముందు నుంచి టీ, కాఫీ వద్దు. పట్టీ జాకెట్ చెయ్యి మీద కాదు, ఒంటి మీదే కట్టాలి, చెయ్యి బల్ల మీద గుండె ఎత్తున పెట్టాలి. చాలామంది ఎడమ వైపుకి ఒత్తిగిలి పడుకుని పై చేతికి కట్టి చూసుకుంటారు, ఆ చెయ్యి గుండె కంటే పైన ఉంటది కాబట్టి తప్పుగా తక్కువ చూపిస్తది, అది చూసి హమ్మయ్య అనుకుంటారు. లావుగా ఉన్న చేతికి చిన్న పట్టీ కడితే తప్పుగా ఎక్కువ చూపిస్తది. ఇంట్లో మెషీన్ ఉంటే ఒకసారి చెకప్‌కి పట్టుకెళ్లి అక్కడి రీడింగ్‌తో పోల్చుకోండి.

ఒక్కసారి 142 వచ్చినంత మాత్రాన పేరు పెట్టేయరు, కనీసం నాలుగు గంటలు ఆగి మళ్లీ చూస్తారు. అయితే 160/110కి చేరితే మాత్రం ఈ నాలుగు గంటల రూల్ లేదు, పదిహేను నిమిషాల్లో మళ్లీ చూసి అలాగే ఉంటే గంటలోపే మందు పడాలి. అంటే ఇంట్లో ఆ నెంబర్ కనబడితే 108కి ఫోన్ చేయడమే.

మా చెల్లికి సాయంత్రం మళ్లీ 144/90. ఎండ మీద నెట్టేసే ఛాన్స్ పోయింది.

యూరిన్, రక్తం

యూరిన్ శాంపిల్ మొదటి ధార వదిలేసి మధ్యలోది పట్టాలి, వైట్ డిశ్చార్జ్ కలిస్తే లేని ప్రొటీన్ ఉన్నట్టు వస్తది. రక్తంలో ప్లేట్‌లెట్స్, లివర్ ఎంజైమ్స్, క్రియాటినిన్ చూస్తారు. మా చెల్లికి ఆ వారం యూరిన్‌లో ప్రొటీన్ నిల్, రక్తం నార్మల్, కాబట్టి జెస్టేషనల్ అన్నారు. ఇక్కడే ఇంట్లో అందరూ రిలాక్స్ అయిపోయారు. నాకు మాత్రం కుదురు లేదు, ఎందుకంటే జెస్టేషనల్ అన్నవాళ్లలో సుమారు నాలుగోవంతు మంది తర్వాత ప్రీఎక్లాంప్సియాలోకి జారతారు, ఎంత ముందుగా మొదలైతే అంత ఎక్కువ. ఇవాళ్టి పేరు ఇవాళ్టికే, వచ్చే వారం మళ్లీ చూడాల్సిందే.

ఏం కనబడితే ఆగకూడదు

34 వారాలప్పుడు ఒకరోజు పొద్దున్నుంచి తలనొప్పి, పారాసెటమాల్ వేసుకున్నా తగ్గలేదు. రాత్రి కుడి పక్క డొక్క కింద నొప్పి, వాంతి. పిన్ని వాము నీళ్లు ఇచ్చి "ఏటి కాదులే, గ్యాసు, మధ్యాహ్నం శనగపప్పు కూర తిన్నావు కదా" అంది. ఆ నొప్పి లివర్ ఉబ్బి దాని పొర సాగడం వల్ల వచ్చేది, గ్యాస్ టాబ్లెట్‌కి లొంగదు. పదకొండింటికి నాకు ఫోన్ చేస్తే బీపీ చూడమన్నాను, 156/102. ఇంకా 160 రాలేదు కదా పొద్దున్న వెళ్దాం అన్నాడు వాళ్లాయన. వద్దు, ఇప్పుడే బయల్దేరండి అని గట్టిగా చెప్పాను.

హాస్పిటల్లో చూస్తే యూరిన్ ప్రొటీన్ 2+, ప్లేట్‌లెట్స్ 92 వేలు, లివర్ ఎంజైమ్స్ రెండింతలు దాటాయి. లక్ష లోపు ప్లేట్‌లెట్స్ అంటే బీపీ 160 లేకపోయినా అది సివియర్ కిందే లెక్క. ఫిట్స్ రాకుండా మెగ్నీషియం సల్ఫేట్ ఇంజెక్షన్ మొదలెట్టి, ఆ వారాలకి ఇంక ఆగడం కంటే కాన్పు చేయడమే మేలని తేల్చారు.

కాబట్టి ఇవి గుర్తుపెట్టుకోండి: తగ్గని తలనొప్పి, కళ్ల ముందు మెరుపులు లేదా మసక, కుడి డొక్క కిందో గుండె కింది గుంటలోనో నొప్పి, ఆయాసం, ఒక్కసారిగా మొహం, చేతులు ఉబ్బడం, యూరిన్ బాగా తగ్గిపోవడం, బిడ్డ కదలిక తగ్గడం, బ్లీడింగ్. వీటిలో ఒక్కటున్నా, బీపీ ఎంతున్నా, అదే రోజు అదే గంటలో కాన్పులు చేసే పెద్దాసుపత్రికి వెళ్లాలి, మన విశాఖలో అయితే కేజీహెచ్, ఘోషా ఆస్పత్రి ఉన్నాయి. ఫిట్స్ వస్తే ఎడమ పక్కకి తిప్పి పడుకోబెట్టండి, నోట్లో చెంచాలూ తాళాలూ పెట్టొద్దు, 108 పిలవండి. పాదాల వాపు ఒక్కటే అయితే చాలామందికి మామూలే.

కాన్పు అయ్యాక

పాప 1.9 కేజీలు పుట్టింది, ఎనిమిది రోజులు ఐసీయూలో ఉంచారు. తల్లికి గండం గడిచిందనుకున్నారు గానీ కాన్పు తర్వాత మూడో రోజు నుంచి ఆరో రోజు వరకు బీపీ మళ్లీ ఎగబాకుతుంది, మొదటిసారి కాన్పు తర్వాతే ప్రీఎక్లాంప్సియా బయటపడేవాళ్లూ ఉన్నారు. బాలింతకి తలనొప్పి అంటే గాలి తగిలిందని తలకి గుడ్డ కట్టి వదిలేస్తాం, ఆ గుడ్డ కట్టే ముందు బీపీ చూడండి. మా చెల్లికి అయిదో రోజు 152/98 వచ్చి మందు పెంచారు.

12 వారాలకి మందులన్నీ ఆపేశాక 116/74. అప్పటికీ దిగకపోతే అది పాత బీపీ కిందకే వచ్చేది. ఆ కార్డు పారేయొద్దు, బీరువాలో పెట్టు, రెండోసారి కడుపొస్తే మూడో నెల నిండేసరికి అది డాక్టర్‌కి చూపించి తక్కువ డోసు ఆస్పిరిన్ మొదలెట్టాలా అని అడుగు అని చెప్పాను. ముందు దీన్ని పెంచనీ అక్కా అంది.