ఫిర్యాదుకు జవాబు రాసే ముందు

పరీక్ష పేపర్లు ఇచ్చే వారం వస్తోంది. చిత్తూరు దగ్గర మా బడిలో ఒకసారి ఏడో తరగతి పాపను నిలబెట్టి, లెక్కల్లో వచ్చిన నాలుగు మార్కులు అందరికీ చదివి వినిపించారు. మర్నాడే వాళ్ల నాన్న ఉత్తరం నా బల్ల మీదుంది. తోటి హెడ్మాస్టర్ల కోసం ఇవి రాస్తున్నాను.

• "మా టీచరు అలాంటివారు కాదు" అని మొదలుపెట్టకండి. విచారించకముందే తీర్పు చెప్పినట్టవుతుంది, రేపు ఎంఈవో ముందుకు వెళ్లేదీ ఆ కాగితమే. విద్యాహక్కు చట్టం 2009, సెక్షన్ 17 కొట్టడాన్నే కాదు, మానసిక వేధింపునూ నిషేధించింది.

• పాపను, టీచరును విడివిడిగా వినండి. టీచరు ఎదుట అడిగితే ఆ పాప "ఏం లేదు సార్" అంది. అమ్మ పక్కన కూర్చున్నాకే, గౌను అంచు నలుపుతూ, "అందరూ నవ్వినారు సార్" అని చెప్పింది.

• జవాబులో పాప చదువు సంగతి ఎత్తకండి. తప్పును పాప మీదికే నెట్టినట్టు ఉంటుంది.

• "తగు చర్య తీసుకుంటాం" అనకండి, ఎవరూ నమ్మరు. నేను ఇలా రాశాను: "మార్కులు చదవడం తప్పేనండీ. ఇకపై పేపరు మడిచి పిల్లల చేతికే ఇస్తాం. సోమవారం టీచరు పాపతో మాట్లాడతారు, మీరూ రండి."

• తరగతి వాట్సాప్ గ్రూపులో జవాబు పెట్టకండి. పాప పరువు రెండోసారి పోతుంది.