దుకాణం రాతకోతలు – 4వ పాఠం: ఆర్డరు చీటీలో తేలని సైజులు, లెక్కలు ఖాయం చేసుకోవడం

కిందటి పాఠంలో ఫోన్లో ఆర్డరు చెప్పేటప్పుడు మన దగ్గర ఒక కాపీ రాసిపెట్టుకోవడం నేర్చుకున్నాం. ఆ ఆర్డరుని హోల్‌సేల్ షాపు గుమాస్తా తన పద్ధతిలో చీటీ మీద రాసుకుని, దాని ఫోటో వాట్సాప్‌లో పంపుతాడు. చాలామంది దాన్ని పైపైన చూసి ‘ఓకే’ కొట్టేస్తారు. బండి వచ్చి సరుకు దిగాక గానీ తేడా బయటపడదు. ఆ ‘ఓకే’ బదులు ఏం రాయాలన్నదే ఈ పాఠం.

చీపురుపల్లిలో ఒక చిన్న హార్డ్‌వేర్ షాపు అనుకుందాం. మొక్కజొన్నకి నీళ్లు పెట్టే రోజులు వస్తున్నాయి, బోరు పైపులు అడుగుతారు. విజయనగరం హోల్‌సేల్ షాపుకి ఫోన్లో ఆర్డరు చెప్పారు. అక్కడి నుంచి వచ్చిన చీటీ ఇది:

1. 63 పైపు 4 – 60
2. 90 బెండు – 20
3. 2.5 టీ – 12
4. 2 ఇంచి బాల్ వాల్వు – 1 బాక్సు
5. సొల్యూషన్ 250 ఎంఎల్ టిన్ను – 2 డజన్లు

అయిదో వరుసలో అడగాల్సింది ఏమీ లేదు. డజను అంటే పన్నెండు, రెండు డజన్లంటే 24 టిన్నులు. టిన్ను ఎంతదో కూడా రాసే ఉంది. దాని జోలికి వెళ్లకండి. తేలిన వాటిని కూడా మళ్లీ అడిగితే, అసలు తేలనివి వాటి మధ్యన కనపడకుండా పోతాయి.

మిగతా నాలుగు వరుసల్నీ ఒకే పద్ధతిలో చూడాలి. ప్రతి వరుసలోనూ నాలుగు సంగతులు ఉండాలి. వస్తువు ఏది, సైజు ఎంత, రకం లేదా క్లాసు ఏది, ఏ లెక్కన ఎన్ని. వీటిలో ఒకటి లేకపోయినా, ఒక అంకె రెండు రకాలుగా చదవడానికి వీలున్నా ఆ వరుస పక్కన పెన్సిలుతో గీత పెట్టండి.

మొదటి వరుసలో రెండు చిక్కులున్నాయి. మొదటిది ఆ ‘4’. వ్యవసాయానికి వాడే పీవీసీ పైపుని మన దగ్గర కేజీల్లో చెబుతారు. 4 కేజీ పైపు, 6 కేజీ పైపు అంటే అది తట్టుకునే ఒత్తిడి అన్నమాట. ఒక్కో కేజీ సుమారు 10 మీటర్ల ఎత్తున నిలిచిన నీటి ఒత్తిడితో సమానం. కానీ కంపెనీ ధరల పట్టికలో ఇవే పైపులు క్లాసుల కింద కూడా ఉంటాయి. ఐఎస్ 4985 ప్రకారం క్లాస్ 2 అంటే 4 కేజీ, క్లాస్ 3 అంటే 6 కేజీ, క్లాస్ 4 అంటే 8 కేజీ. మీరు 4 కేజీ అనుకుని చెప్పిన ‘4’ని లోడింగు కుర్రాడు క్లాస్ 4 అని చదివితే గోడ మందంగా ఉన్న, ధర బాగా ఎక్కువున్న పైపు దిగుతుంది. పొలంలో నీళ్లు పారించుకోవడానికి పైపు కొనే రైతు దానికి అంత ధర పెట్టడు.

రెండో చిక్కు ఆ ‘60’. అరవై పైపులా, అరవై మీటర్లా? పైపు పొడవు 6 మీటర్లయితే అరవై మీటర్లంటే పది పైపులే. అరవై పైపులంటే 360 మీటర్లు. ఒకదానికొకటి ఆరు రెట్లు తేడా. బిల్లులో కొందరు మీటరుకి రేటు వేస్తారు, కొందరు పైపుకి వేస్తారు. అందుకే రేటు చూసి ఇది పైపుల లెక్కే అని ఊహించుకోకూడదు. ఇలాంటి చోట లెక్కని రెండు రకాలుగానూ రాయాలి, అంటే ‘60 పైపులు, మొత్తం 360 మీటర్లు’ అని. గుమాస్తా మనసులో మీటర్లే ఉంటే ఆ 360 చూడగానే ఆగుతాడు. ఉత్తరం మొత్తంలో ఎక్కువ పని చేసేది ఈ రెండో అంకే.

రెండో వరుసలో ‘90’ ఇంకా ప్రమాదం. అది 90 ఎంఎం సైజు కావచ్చు, 90 డిగ్రీల మలుపు కావచ్చు. తొందర్లో చదివితే 90 బెండ్లు అని కూడా అనుకోవచ్చు. ఈ ఆర్డరులో షాపుకి కావాల్సింది 63 పైపుకి పట్టే 90 డిగ్రీల బెండ్లు ఇరవై. చీటీలో 63 అన్న మాటే లేదు. అంటే సైజు పోయింది, కోణం మాత్రం మిగిలింది. బెండు, ఎల్బో కూడా ఒకటి కాదు. ఎల్బో ఠక్కున తిరుగుతుంది, బెండు సాఫీగా వంపు తిరుగుతుంది. వస్తువు పేరు కూడా ఖాయం చేసుకోండి. ఇక్కడ పాటించాల్సిన క్రమం ఒకటుంది. ముందు సైజు ‘ఎంఎం’ తగిలించి, తరవాత మలుపు ‘డిగ్రీలు’ తగిలించి, చివర లెక్క ‘పీసులు’ తగిలించి రాయాలి. ఒట్టి అంకె ఎక్కడా ఒంటరిగా ఉండకూడదు.

మూడో వరుసలో సమస్య చుక్కది. 2.5 అన్నది రెండున్నర ఇంచి. పొలం పైపుల్లో రెండున్నర ఇంచి అంటే 75 ఎంఎం. కానీ ఫోటో మసకగా ఉండి చుక్క కనపడకపోతే అది 25 అవుతుంది. 25 ఎంఎం టీ కూడా అదే షాపులో ఉంటుంది, అదేమో ముప్పావు ఇంచిది. ఇంచి లెక్క ఎక్కడ కనిపించినా పక్కన ఎంఎం రాయాలనడానికి ఇంకో కారణం కూడా ఉంది. ‘మూడించి’ అంటే రైతుకి 90 ఎంఎం, ఇంటి డ్రైనేజీ పని చేసే ప్లంబరుకి చాలాచోట్ల 75 ఎంఎం. ‘రెండించి’ అంటే పొలం పైపులో 63 ఎంఎం, ఇంటి ప్లంబింగుకి వాడే తెల్ల యూపీవీసీలో బయటి కొలత 60.3 ఎంఎం. ఈ రెండూ ఒకదానిలో ఒకటి ఇమడవు. 60.3 పైపుకి 63 ఫిట్టింగు తొడిగితే లూజుగా ఆడుతుంది. ఆ సందుని సొల్యూషన్ పూడ్చలేదు. మోటారు వేయగానే అతుకు ఊడి వస్తుంది. ఇక టీ విషయంలో మూడు మూతులూ ఒకే సైజా, మధ్యది చిన్నదా అన్నది కూడా తేల్చాలి.

నాలుగో వరుసలో అదే రెండించి మళ్లీ వచ్చింది, దాంతో పాటు ‘బాక్సు’ వచ్చింది. బాక్సులో ఎన్ని ఉంటాయో కంపెనీని బట్టి మారుతుంది, సైజుని బట్టీ మారుతుంది. సైజు పెరిగేకొద్దీ బాక్సులో పట్టేవి తగ్గుతాయి. కాబట్టి బాక్సు అనే మాటని లెక్కగా ఒప్పుకోవద్దు, పీసుల్లో రాయండి. వాల్వుకి మరలుందా, సొల్యూషన్‌తో అతికించే ప్లెయినా అన్నది కూడా చేర్చండి.

ఇప్పుడు ఉత్తరం రాద్దాం. ‘1వ వరుసలో 4 అంటే ఏమిటండీ?’ అని ప్రశ్న వేసి వదిలేయకూడదు. అలా అడిగితే అవతలివాళ్లు తీరిక దొరికినప్పుడు చూద్దామనుకుంటారు, ఈలోపు బండి లోడవుతుంది. మనకి కావాల్సింది మనమే పూర్తిగా రాసి, తేడా ఉంటే చెప్పమనాలి.

*నమస్కారమండీ. చీపురుపల్లి హార్డ్‌వేర్ షాపు నుంచి.*

*12వ తేదీ సాయంత్రం ఫోన్లో చెప్పిన ఆర్డరుకి మీరు పంపిన చీటీ అందింది. 5వ వరుస సరిగ్గా ఉంది, అలాగే పంపండి. మిగతా నాలుగూ మాకు కావాల్సింది ఇలా:*

*1వ వరుస: వ్యవసాయం పీవీసీ పైపు, 63 ఎంఎం, 4 కేజీ (క్లాస్ 2), 6 మీటర్ల పొడవుది. 60 (అరవై) పైపులు, మొత్తం 360 మీటర్లు.*

*2వ వరుస: బెండు, 63 ఎంఎం సైజు, 90 డిగ్రీలు. 20 (ఇరవై) పీసులు. ఎల్బో కాదు.*

*3వ వరుస: టీ, 75 ఎంఎం (రెండున్నర ఇంచి), మూడు మూతులూ 75. 12 (పన్నెండు) పీసులు.*

*4వ వరుస: బాల్ వాల్వు, 63 ఎంఎం పొలం పైపుకి పట్టేది, ప్లెయిన్. 10 (పది) పీసులు. బాక్సు లెక్క వద్దు.*

*ఈ నాలుగింటికీ వరుస నంబరు వేసి జవాబు ఇవ్వగలరు. జవాబు ఇచ్చేదాకా ఈ నాలుగు వరుసలూ లోడు చేయవద్దు. ఏదైనా స్టాకు లేకపోతే బదులు వేరే సైజు వేయకుండా ముందు చెప్పండి.*

అంకె పక్కన అక్షరాల్లో కూడా రాయడం చాదస్తంగా కనిపిస్తుంది. కానీ ఫోనులో టైపు చేసేటప్పుడు 12 కాస్తా 21 అవడం, 60లో సున్నా జారిపోవడం మామూలే. తేదీ వేయడం కూడా మానకండి. అదే వారంలో అదే షాపుకి రెండో ఆర్డరు ఉంటే ఏ చీటీ గురించి మాట్లాడుతున్నారో తేలాలి. ‘బదులు వేరే సైజు వేయకుండా’ అన్న మాట తప్పనిసరిగా ఉంచండి. 4 కేజీ అయిపోతే 6 కేజీ వేసి పంపడం వాళ్లకి సాయంలాగే అనిపిస్తుంది, రేటు తేడా మాత్రం మన బిల్లు మీదకి వస్తుంది.

జవాబుగా ‘ఓకే సార్’ అని ఒక్క ముక్క వస్తే అది చాలదు. నాలుగు వరుసల్లో దేనికి ఓకే అన్నది తెలియదు. ‘1 నుంచి 4 దాకా అన్నీ పైన రాసినట్టేనా?’ అని మర్యాదగా ఇంకోసారి అడగండి. ఒకవేళ ఇలా వచ్చిందనుకోండి: ‘1, 2, 3 ఓకే. వాల్వులు బాక్సుకి 12, విడిగా ఇవ్వం.’ అప్పుడు నిర్ణయం మీది. పన్నెండూ తీసుకుంటే ఆ ఒక్క వరుసనే తిరగరాసి పంపాలి. ‘4వ వరుస మార్పు: బాల్ వాల్వు, 63 ఎంఎం, ప్లెయిన్, 12 (పన్నెండు) పీసులు. ఇంతకుముందు రాసిన 10 రద్దు.’ రద్దు అన్న మాట లేకపోతే పదీ పన్నెండూ కలిపి ఇరవై రెండు వేసేవాళ్లు ఉంటారు.

వాళ్లు జవాబు రాయకుండా ఫోనే చేస్తే మాట్లాడండి. పెట్టేసిన వెంటనే ‘ఇప్పుడు ఫోన్లో అనుకున్న ప్రకారం’ అని మొదలుపెట్టి ఖాయమైన వరుసల్ని రాసి పంపండి. సరుకు తేడా వస్తే తిప్పి పంపే కిరాయి ఎవరిదన్న మాట వచ్చినప్పుడు చూపించడానికి ఈ రాతే ఉంటుంది.

బండి వచ్చినరోజు ఈ ఉత్తరాన్నే చేతిలో పెట్టుకుని దింపించుకోండి. పైపు మీద కంపెనీ పేరుతో పాటు బయటి కొలత, క్లాసు లేదా ఒత్తిడి అచ్చు వేసి ఉంటాయి. కట్టకి ఒక పైపైనా తిప్పి ఆ అచ్చు చదవండి. రవాణా రసీదు మీద సంతకం పెట్టేది పైపులు లెక్కపెట్టాకే. తక్కువ వస్తే ఆ రసీదు మీదే రాసి, డ్రైవరు చేత సంతకం పెట్టించండి.

అభ్యాసం. కింద మూడు వరుసలున్నాయి. ఏది అడగక్కర్లేదో, ఏవి అడగాలో గుర్తుపట్టి, అడగాల్సిన వాటికి ఉత్తరంలో రాసే వరుసలు రాయండి.

75 పైపు 6 – 40
1.1/2 కప్లింగు – 3 డజన్లు
వ్యవసాయం రెడ్యూసరు 110 × 90 ఎంఎం – 6 పీసులు

మొదటి దానిలో ‘6’ కేజీలా, మీటర్లా అన్నది చూసుకోండి. అది పొలం పైపా, డ్రైనేజీ పైపా అన్నది కూడా వదలొద్దు. రెండో దానిలో ఒకటిన్నర మధ్య పడిన చుక్క మీద దృష్టి పెట్టండి, చుక్క చెరిగితే అది ఏ సైజుగా కనిపిస్తుందో కాగితం మీద రాసి చూడండి. జవాబులు 5వ పాఠం మొదట్లో ఉంటాయి. ఆ పాఠంలో తక్కువ వచ్చిన సరుకుకి రాసే ఉత్తరం నేర్చుకుందాం.