మాట్రిక్స్ ఎక్స్‌పొనెన్షియల్ – 4వ పాఠం: ఎన్నిసార్లు సగం చేయాలి?

ఈ పాఠాన్ని నేరుగా, e^x కి ఉజ్జాయింపుగా రెండు బహుపదుల నిష్పత్తిని తీసుకునే పాడే భిన్నంతో మొదలుపెడదామనుకున్నాను. కానీ పోయినసారి ఇచ్చిన లెక్కకు వచ్చిన జవాబులు చూశాక ఆ ఆలోచన పక్కన పెట్టాల్సి వచ్చింది. లెక్క గుర్తుందిగా:

```
A = [[-49, 24],
     [-64, 31]]
```

A ని 2^s తో భాగించి, చిన్నదైన మాట్రిక్స్‌కు ఎక్స్‌పొనెన్షియల్ కట్టి, దాన్ని s సార్లు వర్గం చేయమన్నాను. ఈ మాట్రిక్స్ ఐగెన్ విలువలు -1, -17. కాబట్టి అసలు జవాబు చేత్తోనే వస్తుంది: మొదటి వరుస -0.735759, 0.551819, రెండో వరుస -1.471518, 1.103638. చాలామంది s = 30 పెట్టారు. వాళ్ల జవాబులు ఆరేడు అంకెల దాకా కలిసి, ఆపైన ఎవరి దారి వారిదయింది. ఎందుకు 30 అంటే అందరిదీ ఒకటే సమాధానం: "ఎక్కువ పెడితే సేఫ్ కదా సార్." కాదు. ఈ ఒక్క మాట దగ్గర ఇవాళ కాస్త ఎక్కువసేపే ఆగుతాను.

మాట్రిక్స్ సంగతి తర్వాత చూద్దాం, ముందు ఒక్క అంకెతో:

```python
import math
def f(x, s):
    y = math.exp(x / 2**s)
    for _ in range(s):
        y = y * y
    return y
```

గణితం ప్రకారం s ఏదైనా f(0.3, s) విలువ e^0.3 కావాలి, అంటే 1.349858808. s = 5 పెడితే అదే వస్తుంది. s = 40 పెడితే 1.349925 వస్తుంది. s = 60 పెడితే సరిగ్గా 1.0.

ఇందులో math.exp తప్పేమీ లేదు. అది ఇచ్చిన జవాబు డబుల్ ప్రెసిషన్‌లో ఇవ్వగలిగినంత మంచిదే. చిక్కంతా ఆ జవాబును దాచుకునే చోట ఉంది. డబుల్‌లో 1 తర్వాత వచ్చే సంఖ్య 1 + 2^-52; ఆ రెంటి మధ్య ఇంకేదీ పట్టదు. మన సమాచారమంతా ఆ 1 పక్కనున్న చిన్న ముక్కలోనే ఉంది: 0.3/2^40. దాన్ని 2^-52 మెట్ల మీద పెట్టాలంటే 0.3 × 4096 = 1228.8వ మెట్టు కావాలి. అలాంటి మెట్టు లేదు కాబట్టి 1229 మీద కూర్చుంటుంది. అంటే అక్కణ్ణుంచి మనం లెక్క కట్టేది e^0.3 కాదు, e^(1229/4096), అనగా e^0.3000488. కావాలంటే కాలిక్యులేటర్‌లో వేసి చూడండి, ఆ 1.349925 అక్కడ దొరుకుతుంది. s = 60 అయితే ఆ ముక్క మొదటి మెట్టుకు కూడా అందదు. 1 మిగులుతుంది, దాన్ని ఎన్నిసార్లు వర్గం చేసినా 1 ఒకటే.

ఇంకోలా చెప్తాను. ఒక్కోసారి వర్గం చేసినప్పుడల్లా సాపేక్ష దోషం రెట్టింపవుతుంది. మొదట 1.1×10^-16 ఉన్నది s సార్లకు 2^s రెట్లవుతుంది. s = 5 అయితే 32 రెట్లు, పట్టించుకోనక్కర్లేదు. s = 30 అయితే వంద కోట్ల రెట్లు పైనే. మీ జవాబుల్లో పోయిన అంకెలు ఇవే.

కాబట్టి s వీలైనంత చిన్నదిగా ఉండాలి. అలా ఉండాలంటే, పెద్ద నార్మ్ దగ్గర కూడా నిలబడే ఉజ్జాయింపు కావాలి. పాడే భిన్నంతో పని ఇక్కడే. చిన్నది ఒకటి చూద్దాం, [3/3], అంటే లవం, హారం రెండూ 3వ డిగ్రీవి:

```
p(x) = 1 + x/2 + x²/10 + x³/120
r(x) = p(x) / p(-x)
```

మాట్రిక్స్ అయితే భాగహారం బదులు p(-A) R = p(A) అనే సమీకరణాన్ని సాధిస్తాం. విలోమం కట్టి గుణించకండి, ఎందుకో అందరికీ తెలిసిందే.

ఈ r(x) కి, e^x కి మధ్య తేడాలో మొదటి పదం x^7/100800. దీన్ని x తో భాగిస్తే "మనం నిజానికి ఏ x కి ఎక్స్‌పొనెన్షియల్ కట్టాం, అది అసలు x కి ఎంత దూరం" అన్నది వస్తుంది: x^6/100800. ఇది 2^-53, అంటే 1.11×10^-16 దాటకూడదు. సాధిస్తే x ≈ 0.01496. అంటే స్కేల్ చేసిన మాట్రిక్స్ నార్మ్ 0.015 లోపు ఉంటే, [3/3] వల్ల వచ్చే దోషం A ని కంప్యూటర్‌లో దాచుకున్నప్పుడు వచ్చే దోషాన్ని మించదు. నార్మ్ మీద పెట్టే షరతు ఎక్కణ్ణుంచో ఊడిపడింది కాదు, ఇలా వచ్చిందే.

ఇదే లెక్కను నికొలస్ హైయమ్ 2005లో పూర్తిగా చేశాడు. [5/5] కి హద్దు 0.25, [7/7] కి 0.95, [9/9] కి 2.1, [13/13] కి 5.37. అదే 13వ డిగ్రీ టేలర్ సిరీస్‌కు ఇలాగే మొదటి పదంతో లెక్క కడితే 0.41 దగ్గరే ఆగిపోతుంది. అంటే పాడేతో దాదాపు నాలుగు వర్గాలు మిగిలినట్టే. చేత్తో కోడ్ రాసేటప్పుడు నేనైతే చిన్న డిగ్రీల జోలికి పోను, ఎప్పుడూ 13 వాడతాను. ఆరు మాట్రిక్స్ గుణకారాలు, ఒక సమీకరణ సాధన, అంతే.

ఇప్పుడు మన A కి వద్దాం. నేను 1-నార్మ్ వాడతాను, నిలువు వరుసల మొత్తమే కదా, కాగితం మీద అయిపోతుంది. మొదటి నిలువు వరుస 49 + 64 = 113, రెండోది 55. నార్మ్ 113. దీన్ని 5.37 తో భాగిస్తే 21.04. 21.04 కంటే తక్కువ కాని మొదటి 2 ఘాతం 32. అంటే s = 5. A/32 నార్మ్ 3.53, హద్దు లోపలే. ఐదే వర్గాలు.

ఇంతవరకు బాగానే ఉంది. కానీ నార్మ్ చెప్పిందల్లా నమ్మితే మళ్లీ పాత గోతిలోనే పడతాం:

```
B = [[1, 1000000],
     [0,      -1]]
```

నార్మ్ 1000001. సూత్రం ప్రకారం s = 18. వికర్ణంలో రావాల్సినవి e, 1/e మాత్రమే, వాటికి స్కేలింగే అక్కర్లేదు. మూలనున్న ఒక్క పెద్ద అంకె వల్ల వాటిని కూడా 2,62,144 తో భాగించి, 18 సార్లు వర్గం చేస్తున్నాం. దోషం 2.9×10^-11 దాకా పోవచ్చు, అంటే ఐదంకెలు గాల్లో కలిసినట్టే. పైగా బయటికి ఏ ఎర్రరూ రాదు, ఏ వార్నింగూ రాదు. పట్టుకోవాలంటే s ని ఒకటి తగ్గించి, ఒకటి పెంచి చూడండి. జవాబులోని చివరి అంకెలు ఎంత కదిలితే మీరు పోగొట్టుకున్నది సుమారుగా అంత.

B ని ఒకసారి వర్గం చేసి చూడండి. B² = I! అంత పెద్ద నార్మ్ ఉన్న మాట్రిక్స్ ఒక్క గుణకారంతో ఐడెంటిటీ అయిపోయింది. సిరీస్‌లో పనిచేసేవి ఘాతాలు కాబట్టి, చూడాల్సింది ‖B‖ ఒక్కటే కాదు, ‖B^4‖ కి నాలుగో మూలం, ‖B^6‖ కి ఆరో మూలం లాంటివి. ఇక్కడ అవి 1. 2009లో అల్-మోహీ, హైయమ్ చేసిన మార్పు ఇదే, SciPy లోని expm నడిచేదీ దీని మీదే. ఆ లెక్కన B కి s = 0. జవాబు కూడా cosh(1)·I + sinh(1)·B అని ఒక్క ముక్కలో రాసేయొచ్చు, సరిచూసుకోడానికి పనికొస్తుంది.

అభ్యాసం: [m/m] పాడేకు తేడాలోని మొదటి పదం (m!)² x^(2m+1) / ((2m)! (2m+1)!). దీంతో m = 2 కి హద్దు కట్టండి, 0.00053 రావాలి. తర్వాత m = 13 కి కట్టండి. మీకు 5.43 వస్తుంది, హైయమ్ హద్దు మాత్రం 5.37. ఆ తేడా ఎక్కడిదో, అది m = 3 దగ్గర ఎందుకు కనపడలేదో రాసి పంపండి. s = 30 పెట్టినవాళ్లు ముందు f(0.7, 40) ఎంత వస్తుందో కోడ్ నడపకుండా కాగితం మీద చెప్పి, ఆ తర్వాతే దీనికి రండి.