సూక్తాలను స్వయంగా చదవడం – 5వ పాఠం: పురుషసూక్తంలోని పన్నెండవ ఋక్కు

గత పాఠాలలో ఒక ఋక్కును పదాలుగా విడదీయడం, విభక్తులను గుర్తించడం, క్రియకు కర్తను వెతకడం అభ్యసించాము. ఈ పాఠంలో ఆ పనిముట్లన్నిటినీ తీవ్రమైన వివాదానికి లోనైన ఒక ఋక్కు మీద ప్రయోగిద్దాము. ఋగ్వేదం పదవ మండలంలోని తొంభయ్యవ సూక్తమైన పురుషసూక్తంలో ఇది పన్నెండవది. వర్ణవ్యవస్థకు వేదప్రమాణం చూపదలచినవారు మొదట చూపేదీ, ఆ వ్యవస్థను విమర్శించేవారు మొదట పరీక్షించేదీ ఈ ఋక్కునే. కాబట్టి ఇందులో ఏముందో, తరువాతివారు ఇందులో ఏమి చదివారో వేరుచేసి చూడగలగడమే ఈ పాఠం నేర్పవలసిన నైపుణ్యం.

ముందుగా ఒక జాగ్రత్త. తెలుగునాట ఆలయాలలో ఎక్కువగా వినిపించే పురుషసూక్తం కృష్ణయజుర్వేదానికి చెందిన తైత్తిరీయ ఆరణ్యకంలోనిది. అందులో పద్దెనిమిది మంత్రాలున్నాయి. ఋగ్వేద పాఠంలో ఉన్నవి పదహారు మాత్రమే. చెవికి అలవాటైన పాఠంతో ఋగ్వేదం గురించి వాదించడం వల్ల అనవసరమైన గందరగోళం పుడుతుంది. కనుక ఈ పాఠంలో ఋగ్వేద పాఠాన్నే ముందు ఉంచుకుందాము.

పన్నెండవ ఋక్కును ఎన్నడూ ఒంటరిగా చదవకూడదు. అది ఒక ప్రశ్నకు జవాబు, ఆ ప్రశ్న పదకొండవ ఋక్కులో ఉంది.

యత్పురుషం వ్యదధుః కతిధా వ్యకల్పయన్ ।
ముఖం కిమస్య కౌ బాహూ కా ఊరూ పాదా ఉచ్యేతే ॥

దేవతలు పురుషుణ్ణి విభజించినప్పుడు ఎన్ని విధాలుగా కల్పించారు, అతని ముఖం ఏది, బాహువులు ఏవి, తొడలూ పాదాలూ అని వేటిని అంటారు అని దీని అర్థం. ఇక్కడ ముఖం, బాహూ, ఊరూ, పాదా అన్నీ ప్రథమా విభక్తిలోనే ఉన్నాయని గమనించండి. ఎవరు దేనినుండి పుట్టారని ఈ ఋక్కు అడగడం లేదు. ఏ అవయవం ఏమిటి అని మాత్రమే అడుగుతోంది. ఇప్పుడు జవాబు చూడండి.

బ్రాహ్మణోఽస్య ముఖమాసీద్ బాహూ రాజన్యః కృతః ।
ఊరూ తదస్య యద్వైశ్యః పద్భ్యాం శూద్రో అజాయత ॥

నాలుగు పాదాలనూ విడివిడిగా రాసుకోండి. మొదటి పాదంలో బ్రాహ్మణుడు అతని ముఖమయ్యాడు. ముఖం ప్రథమలో ఉంది, క్రియ ‘ఆసీత్’. రెండవ పాదంలో రాజన్యుడు బాహువులుగా చేయబడ్డాడు. మూడవ పాదంలో వైశ్యుడు ఎవరో అదే అతని తొడలు. ఈ మూడు పాదాలూ ప్రశ్న అడిగిన తీరులోనే జవాబు చెబుతున్నాయి, అంటే అవయవానికీ వర్గానికీ అభేదం చెబుతున్నాయి. నాలుగవ పాదంలో వాక్యనిర్మాణం మారిపోతుంది. ‘పాదౌ’ అనే ప్రథమ స్థానంలో ‘పద్భ్యాం’ వచ్చింది, ఉండటాన్ని తెలిపే క్రియకు బదులు పుట్టుకను తెలిపే ‘అజాయత’ వచ్చింది. శూద్రుడు పాదాలు కాలేదు, పాదాలనుండి పుట్టాడు.

ఇక్కడ ఒక సందేహం రావాలి. ద్వివచనంలో తృతీయ, చతుర్థి, పంచమి మూడింటికీ ‘పద్భ్యాం’ ఒకే రూపం కదా, ఇది పంచమి అని ఎలా నిర్ణయిస్తాము? రూపం ఒక్కటే చాలనప్పుడు ఇరుగుపొరుగు ఋక్కులను సాక్ష్యానికి పిలవాలి. పదమూడవ ఋక్కులో మనస్సునుండి చంద్రుడు, కంటినుండి సూర్యుడు, ముఖంనుండి ఇంద్రాగ్నులు, ప్రాణంనుండి వాయువు పుట్టారు. పద్నాలుగవ దానిలో నాభినుండి అంతరిక్షం, శిరస్సునుండి ద్యులోకం, ‘పద్భ్యాం భూమిః’, చెవినుండి దిక్కులు వచ్చాయి. ‘ముఖాత్’, ‘ప్రాణాత్’, ‘శ్రోత్రాత్’ నిస్సందేహంగా పంచములు. వాటి వరుసలో ఉన్న ‘పద్భ్యాం’ కూడా పంచమే. పన్నెండవ ఋక్కులోని నాలుగవ పాదం వాక్యనిర్మాణంలో తన ముందున్న మూడు పాదాలకన్నా తన తరువాతి రెండు ఋక్కులకే దగ్గరగా ఉందని దీనివల్ల తెలుస్తుంది.

ఇది ఎందుకు ముఖ్యమో పద్నాలుగవ శతాబ్దంలో విజయనగర రాజ్యంలో భాష్యం రచించిన సాయణుడిని చదివితే బోధపడుతుంది. ‘ముఖమాసీత్’ అన్నచోట ఆయన ‘ముఖాదుత్పన్నః’, అంటే ముఖంనుండి పుట్టాడు అని వివరించాడు. బాహువులకూ తొడలకూ అదే పద్ధతి పాటించాడు. నాలుగవ పాదంలో మాత్రమే ఉన్న పుట్టుకను మొదటి మూడు పాదాలకూ విస్తరింపజేశాడు. దానికి కారణాన్ని ఆయన దాచలేదు. ముఖాదులనుండి బ్రాహ్మణాదుల పుట్టుక యజుస్సంహిత ఏడవ కాండలో స్పష్టంగా ఉంది కనుక, ఇక్కడి ప్రశ్ననూ జవాబునూ రెండింటినీ ఆ అర్థంలోనే అన్వయించాలని రాశాడు. అంటే ఋక్కులోని పదాలు తామై ఆ అర్థాన్ని ఇవ్వడం లేదనీ, వేరొక గ్రంథం ఆధారంగా దాన్ని తెచ్చుకోవలసి ఉందనీ భాష్యకారుడి మాటలే చూపుతున్నాయి. ఈ వివాదం మొత్తంలో నాకు అత్యంత విలువైన సాక్ష్యంగా తోచేది ఇదే. ఆయన పద్ధతి మనకు నచ్చినా నచ్చకపోయినా, ఆధారం ఎక్కడిదో చెప్పిన ఆయన నిజాయితీ వల్లనే మనం ఈ రెండింటినీ వేరుచేయగలుగుతున్నాము.

అయితే ఆ ఏడవ కాండలో ఏముంది? తైత్తిరీయ సంహిత ఏడవ కాండ ఆరంభంలో ప్రజాపతి సృష్టి చేస్తాడు. అతని ముఖంనుండి అగ్ని, గాయత్రీ ఛందస్సు, బ్రాహ్మణుడు, మేక. వక్షస్సునుండి, బాహువులనుండి ఇంద్రుడు, త్రిష్టుప్పు, రాజన్యుడు, గొర్రె. నడుమునుండి విశ్వేదేవతలు, జగతి, వైశ్యుడు, ఆవులు వచ్చాయి. పాదాలనుండి అనుష్టుప్పు, శూద్రుడు, గుర్రం వచ్చాయి కానీ వాటితో ఏ దేవతా పుట్టలేదు. అందువల్ల శూద్రుడు యజ్ఞానికి తగడని ఆ వాక్యం నిర్మొహమాటంగా తీర్మానిస్తుంది. అనర్హత, దానికి కారణం, ఆ కారణాన్ని శరీరభాగానికి ముడిపెట్టడం అన్నీ ఇక్కడ ఉన్నాయి. పురుషసూక్తంలో ఇవేవీ లేవు. అక్కడ ఏ వర్గానికీ విధి చెప్పలేదు, నిషేధం చెప్పలేదు, ‘వర్ణం’ అన్న మాట కూడా లేదు.

ఇంకొక తేడాను మీరే పట్టుకోగలరు. ఋగ్వేద పాఠంలో ఇంద్రుడు ముఖంనుండి పుట్టాడు, రాజన్యుడు మాత్రం బాహువులు. దేవతల వరుసా మనుషుల వరుసా ఒకదానితో ఒకటి సరిపోలవు. తైత్తిరీయ సంహిత ఇంద్రుణ్ణి బాహువుల దగ్గరికి చేర్చి ఆ రెండు వరుసలనూ సరిపోల్చింది. పోలిక పట్టికగా, పట్టిక శాసనంగా మారే క్రమం ఇక్కడ మొదలవుతుంది. అది మనుస్మృతి మొదటి అధ్యాయంలో పూర్తవుతుంది. ముప్పై ఒకటవ శ్లోకం ముఖ, బాహు, ఊరు, పాదాలనుండి నాలుగు వర్ణాల సృష్టిని చెప్పగా, తొంభై ఒకటవ శ్లోకం శూద్రుడికి మిగిలిన మూడు వర్ణాల సేవ ఒక్కటే పనిగా విధించింది.

ఈ దశలో విద్యార్థులు తరచుగా రెండు తొందరపాటు నిర్ణయాలకు వస్తారు. మొదటిది, సూక్తంలో విధి లేదు కాబట్టి ఇందులో ఎక్కువతక్కువలే లేవు, ఇది కేవలం పరస్పరాధారాన్ని చెప్పే రూపకం అనడం. దీన్ని సమర్థించడానికి పాదాలనుండే భూమి పుట్టింది కనుక పాదాలు నీచం కావని అంటారు. ఆ మాటలో బలం ఉంది, కానీ అదే ఋక్కులో శిరస్సునుండి ద్యులోకం వచ్చిందని మరువకూడదు. పైన ద్యులోకం, నడుమ అంతరిక్షం, కింద భూమి అన్నది మీదినుండి కిందికి దిగే వరుస. నాలుగు వర్గాలూ అదే దిశలో పేర్చబడ్డాయి. పైగా మూడు వర్గాలు పురుషుడి అవయవాలతో అభిన్నమవుతుండగా, నాలుగవదానికి మాత్రమే ఆ అభేదం దక్కలేదు. క్రమం లేదనడం వ్యాకరణాన్ని పక్కకు నెట్టడమే అవుతుంది. రెండవ తొందరపాటు, తరువాతి గ్రంథాలలోని నిషేధాలన్నీ ఈ ఋక్కులోనే ఉన్నాయనడం. అవి ఇక్కడ లేవని పైన చూశాము.

ఇక ఈ ఋక్కు ప్రక్షిప్తమా అన్న చర్చ. పురుషసూక్తం ఋగ్వేదంలోని అర్వాచీన భాగానికి చెందినదని కోల్‌బ్రూక్, మాక్స్ ముల్లర్ వంటి పండితులు భాషనుబట్టి భావించారు. డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ 1946లో ప్రచురించిన ‘శూద్రులెవరు?’ అనే గ్రంథంలో ఈ చర్చను ముందుకు తీసుకువెళ్లి, మొదట మూడు వర్ణాలే ఉండేవని, ఈ సూక్తం తరువాత చేరిందని వాదించారు. ‘రాజన్య’, ‘వైశ్య’, ‘శూద్ర’ అనే పదాలు ఋగ్వేదం మొత్తంలో ఈ ఒక్క ఋక్కులోనే కనిపించడం, తొమ్మిదవ ఋక్కులో ఋక్కులనూ సామాలనూ యజుస్సునూ వేరువేరుగా పేర్కొనడం ఈ వాదానికి బలమైన ఆధారాలు.

కానీ ఇక్కడ రెండు ప్రశ్నలను కలపకూడదు. సూక్తం మొత్తం అర్వాచీనమా అన్నది ఒకటి, అందులోకి ఈ రెండు ఋక్కులు ఆ తరువాత చొప్పించబడ్డాయా అన్నది మరొకటి. మొదటిదానికి ఆధారాలు గట్టివి. రెండవదానికి పరీక్ష ఇది: పదకొండు, పన్నెండు ఋక్కులను తీసివేసి పదవ ఋక్కునుండి నేరుగా పదమూడవ దానికి వెళ్లండి. గుర్రాలు, ఆవులు, మేకలు, గొర్రెల పుట్టుక తరువాత చంద్రసూర్యుల పుట్టుక వస్తుంది, కథనం ఎక్కడా తెగదు. తీసివేయగలిగినంత మాత్రాన అవి చేర్చినవని రుజువు కాదు. అథర్వవేదంలోనూ, శుక్లయజుర్వేదంలోనూ, తైత్తిరీయ ఆరణ్యకంలోనూ ఈ ఋక్కు ఉంది. చేర్పు జరిగి ఉంటే ఈ శాఖలు సూక్తాన్ని స్వీకరించడానికి ముందే జరిగి ఉండాలి. పాఠభేదాలు మనలను అంతకన్నా వెనక్కు తీసుకువెళ్లలేవు.

అభ్యాసం: అథర్వవేదం పంతొమ్మిదవ కాండ ఆరవ సూక్తంలో ఇదే ఋక్కు ఇలా ఉంది.

బ్రాహ్మణోఽస్య ముఖమాసీద్ బాహూ రాజన్యోఽభవత్ ।
మధ్యం తదస్య యద్వైశ్యః పద్భ్యాం శూద్రో అజాయత ॥

రెండు పాఠాలనూ పక్కపక్కన రాసి మారిన పదాలను గుర్తించండి. ‘కృతః’ స్థానంలో ‘అభవత్’ రావడంవల్ల చేసినవాడి ప్రస్తావన ఏమైందో, ‘ఊరూ’ స్థానంలో ‘మధ్యం’ రావడంవల్ల తైత్తిరీయ సంహితతో దూరం తగ్గిందో పెరిగిందో రాయండి. నాలుగవ పాదం మారలేదన్న సంగతిని కూడా మీ సమాధానంలో పరిశీలించండి. తరువాతి పాఠంలో మనుస్మృతి మొదటి అధ్యాయంలోని ముప్పై ఒకటవ శ్లోకాన్ని ఇదే పద్ధతిలో విడదీద్దాము.