ఫలితాల సీజన్‌లో యావరేజ్ చేసే ముందు మీ గిట్టుబాటు ధర తేల్చుకోండి

జూన్‌తో ముగిసిన మూడు నెలల లెక్కలను కంపెనీలు జులై రెండో వారం నుంచి బయటపెడుతుంటాయి. గడువు ఆగస్టు 14 దాకా ఉంటుంది. ఈ ఐదు వారాల్లో మన దగ్గరున్న షేరు ఏదో ఒక పొద్దున ఒక్కసారిగా కింద తెరుచుకోవచ్చు. ఆ ఎర్ర అంకె చూడగానే చాలామంది చేసే పని ఒకటే: ఇంకొన్ని కొని యావరేజ్ తగ్గించుకోవడం. అది తప్పని నేననను. కానీ కొన్నాక ఏ ధరకు అమ్మితే మన డబ్బు మనకొస్తుందో, అంటే మన గిట్టుబాటు ధర ఎంతో, ముందే తెలియకుండా కొనొద్దు. ఆ లెక్కలో మనవాళ్లు పొరపడే చోట్లు నాలుగు కనబడ్డాయి. మా పిన్ని కొడుకు లెక్కతోనే చెబుతాను.

వాడు గుంటూరులో ఒక కోల్డ్ స్టోరేజీలో లెక్కలు రాస్తాడు. నిరుడు మార్చిలో ఒక మందుల కంపెనీ షేర్లు 480 చొప్పున 200 కొన్నాడు. అంటే 96,000 రూపాయలు. ఇప్పుడది 360లో ఉంది. మొన్న బ్రాడీపేటలో టీ తాగుతూ, "అన్నయ్యా, 360కి ఇంకో 50 వేస్తే నా రేటు 420కి దిగుతుంది. 420 రాగానే అమ్మేసి బయటపడతా" అన్నాడు.

"ఒక వ్యాపారి మీ స్టోరేజీలో 200 మిర్చి టిక్కీలు ఒక రేటుకి, 50 టిక్కీలు ఇంకో రేటుకి పెట్టాడనుకో. సరాసరి ఎలా కడతావురా?" అని అడిగాను. వాడు కాసేపు ఆగి, ఫోన్ తీసి మళ్లీ లెక్క వేశాడు. మిర్చికి ఎప్పుడూ తప్పు చేయడు, షేరు దగ్గరకొచ్చేసరికి రెండు రేట్లూ కలిపి సగం చేసేశాడు. కొత్త 50కి అయ్యేది 18,000. పాత 96,000 కలిపితే 1,14,000. దాన్ని 250తో భాగిస్తే 456 వస్తుంది, 420 కాదు. 420 అనుకుని అక్కడ అమ్మితే షేరుకి 36 చొప్పున 9,000 పోతుంది. బయటపడ్డానని అనుకుంటూనే పోగొట్టుకుంటాడు.

సరాసరి 420కి రావాలంటే 360కి మళ్లీ 200 కొనాలి, ఇంకో 72,000 పెట్టాలి. ఎక్సెల్‌లో బి నిలువు వరుసలో షేర్ల సంఖ్య, సి నిలువు వరుసలో ధర రాసుకుంటే సూత్రం ఇదీ:

```
=SUMPRODUCT(B2:B3,C2:C3)/SUM(B2:B3)
```

ఎన్నిసార్లు కొంటే అన్ని గడులకు దాన్ని పొడిగించుకోవచ్చు. ఆర్డర్ పెట్టకముందే కొత్త సంఖ్య అక్కడ వేసి చూడండి. కొద్దిగా కొంటే సరాసరి పెద్దగా కదలదు. బాగా కదలాలంటే ముందు పెట్టినంత డబ్బు దగ్గరదగ్గరగా మళ్లీ పెట్టాలి.

అలా పెట్టినప్పుడు ఏం మారుతుందో కూడా వాడికి చూపించాను. కొనకుండా ఊరుకుంటే షేరు 360 నుంచి 480కి, అంటే 33 శాతం పైన పెరగాలి. 200 కొంటే 420 చాలు, 17 శాతం లోపే. ఇంతవరకు అందరూ చూస్తారు. కానీ ఫలితాలు బాగోలేక ఇంకో పది శాతం పడి 324కి వస్తే? కొనకపోతే కొత్తగా పోయేది 7,200. కొన్నాక అదే పతనానికి పోయేది 14,400. గిట్టుబాటు ధర దగ్గరికొచ్చింది గానీ, ఒక్కో రూపాయి తగ్గుదలకు దెబ్బ రెండింతలైంది. అందుకే ఫలితాల తేదీకి ముందు రోజు యావరేజ్ చేయొద్దని నా మాట. ఆ తేదీ కంపెనీ ముందే ఎక్స్ఛేంజీకి చెబుతుంది, ఎన్‌ఎస్‌ఈ, బీఎస్‌ఈ సైట్లలో కనబడుతుంది. ఫలితాలు వచ్చాక, పడింది అమ్మకాలు తగ్గా, ఒక్కసారి వచ్చిన ఖర్చు వల్లా అని చదివి, అప్పుడు నిర్ణయించుకోండి. కొనాలనుకుంటే దొరికిన ధరకు కొనేసే మార్కెట్ ఆర్డర్ కాకుండా, ఇంతకు మించి ఇవ్వనని ధర చెప్పే లిమిట్ ఆర్డర్ పెట్టండి. పొద్దున 9:15కి ధర అటూ ఇటూ ఊగే వేళ మార్కెట్ ఆర్డర్ పెడితే 360 అనుకున్నది 368కి తగలొచ్చు. అప్పుడు మీరు కాగితం మీద వేసుకున్న సరాసరి మారిపోతుంది.

ఇక రెండోది ఖర్చులు. 420 సరాసరి అయితే 420కి అమ్మితే సరిపోతుందా అంటే, సరిపోదు. కొన్న రోజే అమ్మేయకుండా ఖాతాలో ఉంచుకునే డెలివరీ షేర్లకు కొన్నప్పుడు 0.1 శాతం, అమ్మినప్పుడు 0.1 శాతం ఎస్‌టీటీ అనే లావాదేవీ పన్ను పడుతుంది. కొన్నదానిపై 0.015 శాతం స్టాంప్ డ్యూటీ. ఎక్స్ఛేంజీ రుసుము చిల్లర. అసలు తేడా బ్రోకరేజీలో వస్తుంది. మావాడి ఖాతా పాత పద్ధతి బ్రోకర్ దగ్గర ఉంది, వాళ్లు 0.3 శాతం తీసుకుంటారు, దానిపై 18 శాతం జీఎస్టీ. మొత్తం 1,68,000 కొనుగోలుకు ఇవన్నీ కలిపి దాదాపు 800 అవుతాయి. అమ్మేటప్పుడు కూడా దాదాపు అంతే, పైన డీమ్యాట్ నుంచి షేర్లు తీసినందుకు డీపీ చార్జీ ఇరవై రూపాయల దాకా. అన్నీ వేస్తే వాడి గిట్టుబాటు ధర 424. డెలివరీకి బ్రోకరేజీ లేని ఖాతా అయితే 421తో అయిపోయేది. డీపీ చార్జీ ఎన్ని షేర్లు అమ్మామన్నది చూడదు, ఒక కంపెనీ షేర్లు అమ్మిన రోజుకి ఒకసారి పడుతుంది. కాబట్టి ఐదేసి, పదేసి షేర్లు రోజూ అమ్మేవాళ్లకి అదే బరువవుతుంది. మీ ఖాతాలో ఎంత పడుతుందో ఊహించక్కర్లేదు. కొన్న రోజు సాయంత్రం మెయిల్‌కి వచ్చే కాంట్రాక్ట్ నోట్‌లో పైసలతో సహా ఉంటుంది.

మూడోది నన్ను ఎక్కువ బాధపెట్టేది, అప్పు. ఆ 72,000 చేతిలో లేక, తెలిసినవాళ్ల దగ్గర రెండు రూపాయల వడ్డీకి తెద్దామనుకున్నాడు. నెలకి 1,440. దాన్ని 400 షేర్లకు పంచితే షేరుకి 3.60. అంటే 424 అనుకున్న గీత ఒక నెలకు 427.60, ఆరు నెలలకు 445 దాటుతుంది. షేరు కదలకుండా కూర్చున్నా గిట్టుబాటు ధర నెలనెలా పైకి పోతూనే ఉంటుంది. బ్రోకర్ ఇచ్చే మార్జిన్ అప్పుతో కొన్నా లెక్క ఇదే. పైగా షేరు ఇంకా పడితే అదనపు సొమ్ము కట్టమంటారు, కట్టలేకపోతే వాళ్లే అమ్మేస్తారు. "వద్దురా, ఉన్న డబ్బుతో కొనగలిగినంతే కొను, లేకపోతే ఊరుకో" అన్నాను.

నాలుగోది యాప్‌లో కనబడే సరాసరి. కొనుక్కుంటూ పోయినంత కాలం అది సరిగ్గానే ఉంటుంది. కొంత అమ్మిన రోజు నుంచే తిరకాసు. డీమ్యాట్ షేర్లకు ముందు కొన్నవే ముందు అమ్మినట్టు లెక్క. 400 షేర్లలో 200 షేర్లు 400 చొప్పున అమ్మాడనుకోండి. పోయినవి 480కి కొన్న పాతవి. ఇప్పుడు మిగిలిన 200 పక్కన యాప్ 360 అని చూపిస్తుంది, కింద పచ్చరంగులో 8,000 లాభం. చూసి మనసు తేలికపడుతుంది. కానీ అమ్మినవాటిపై 16,000 నష్టం అప్పటికే ఖాయమైపోయింది, అది వేరే పేజీలో ఉంటుంది. నిజం లెక్క ఇలా: మొత్తం పెట్టింది 1,68,000, తిరిగొచ్చింది 80,000, ఇంకా రావాల్సింది 88,000. దాన్ని 200తో భాగిస్తే 440. ఖర్చులు పక్కన పెట్టినా, యాప్ చెప్పే 360కీ అసలు గిట్టుబాటుకీ 80 రూపాయల తేడా! నాకు తెలిసినవాళ్లలో ఇద్దరు ఇలాగే 'లాభానికి' అమ్మి, సంవత్సరం చివర లెక్క చూసుకుని టెన్షన్ పడ్డారు. కాబట్టి అమ్మడం మొదలయ్యాక యాప్ సరాసరి పక్కన పెట్టి, మొత్తం పెట్టింది ఎంత, వచ్చింది ఎంత, మిగిలిన షేర్లు ఎన్ని అన్న మూడు అంకెలు మీ పుస్తకంలో రాసుకోండి.

ముందు కొన్నవి ముందు అమ్మినట్టు చూసే ఈ పద్ధతే పన్నులోనూ వస్తుంది. మావాడు మొత్తం 400 షేర్లూ 424కి ఒకేసారి అమ్మేశాడనుకుందాం. చేతికి లాభం లేదు, నష్టం లేదు. పన్ను లెక్కలో మాత్రం అవి రెండు ముక్కలు. నిరుడు మార్చిలో కొన్నవి 12 నెలలు దాటాయి కాబట్టి దీర్ఘకాలిక నష్టం, 11,200. ఈ మధ్య కొన్నవి స్వల్పకాలిక లాభం, 12,800. దీర్ఘకాలిక నష్టాన్ని స్వల్పకాలిక లాభంతో సర్దుకోనివ్వరు. కాబట్టి పన్ను పరిధిలో ఉన్న మనిషి ఆ లాభంపై 20 శాతం, సెస్సు కలిపి కట్టాలి. బ్రోకరేజీ తీసేశాక అది సుమారు 2,500. దాన్ని కూడా రాబట్టాలంటే 431 దాకా రావాలి. పాతవి ఇంకా ఏడాది నిండకపోతే రెండూ స్వల్పకాలికమే, నష్టం లాభంలో కలిసిపోతుంది, ఈ 2,500 పడదు. మీ పాత కొనుగోలుకు ఏడాది నిండే తేదీ ఈ సీజన్‌లోనే ఉంటే, యావరేజ్ చేసే ముందు ఆ తేదీ చూసుకోండి. సర్దుకోని దీర్ఘకాలిక నష్టాన్ని ఎనిమిదేళ్లు ముందుకు తీసుకెళ్లొచ్చు, కానీ రిటర్న్ గడువులోగా వేస్తేనే.

మావాడు ఇదంతా ఒక కాగితం మీద వేసుకున్నాడు: 456, 420, 424, 431. అప్పు ఆలోచన మానేశాడు. చేతిలో ఉన్న 36,000తో 360కి 100 కొంటే సరాసరి 440, ఖర్చులతో 444 దాటుతుందని తనే లెక్క తీశాడు. ఫలితాలు వచ్చి, అమ్మకాల అంకె చదివాక కొనాలో వద్దో చూస్తానని ఆ కాగితం చొక్కా జేబులో పెట్టుకుని డ్యూటీకి వెళ్లాడు.